28 h7 పిన్‌కి సీపీ, సీపీకే: షాప్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే డౌట్లు

గాజువాక ఆటోనగర్ వైపు సీఎన్‌సీ లేత్‌ల మీద పనిచేసే సెట్టర్లు, క్వాలిటీ చూసే కుర్రాళ్ళు ఫోన్ చేసినా, టీ కొట్టు దగ్గర కలిసినా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు, అందుకే ఒకచోట పెడుతున్నా. సీపీ, సీపీకే అంటే మెషీన్ తీసే పీసులు టాలరెన్స్‌లో ఎంత ఖాళీతో పడుతున్నాయో చెప్పే అంకెలు. జాబ్ మొత్తం ఒకటే తీసుకున్నా, టర్నింగ్ చేసిన స్టీల్ పిన్, డ్రాయింగ్‌లో 28 h7 అని ఉంటుంది, అంటే 27.979 నుంచి 28.000 మి.మీ. దాకా, మొత్తం 21 మైక్రాన్ల టాలరెన్స్. లెక్కలు తేలిగ్గా పట్టుబడేలా అంకెల్ని కాస్త రౌండ్ చేశాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పనిలేదు.

## కొలతలు తీయకముందు

అన్ని పీసులూ స్నాప్ గేజ్‌లో పాసవుతున్నాయి కదా, మళ్ళీ ఈ సీపీకే గొడవ ఎందుకండీ?

స్నాప్ గేజ్ చెప్పేది ఒక్కటే, ఈ పీసు లిమిట్ లోపల ఉందా లేదా అని. 27.990 వచ్చిన పీసూ పాసే, 27.9995 వచ్చిన పీసూ పాసే. కానీ రెండోది తయారైన నిమిషంలో మీ ప్రాసెస్ గట్టు మీద నిలబడి ఉంది, ఇంకో పది పీసులు తిరిగేసరికి అవతల పడిపోతుంది, ఆ సంగతి గేజ్ ముందుగా చెప్పదు. సీపీకే అడిగేవాడు నిన్న చేసిన పీసుల గురించి అడగట్లేదు, రేపు ఇదే మెషీన్ మీద ఇదే పద్ధతిలో తీసే పీసులు ఎంత ఖాళీతో లోపల ఉంటాయో అడుగుతున్నాడు. దానికి పాస్, ఫెయిల్ సరిపోదు, అంకెల్లో కొలత కావాలి. గేజ్ తీసెయ్యమని కాదు, లైన్లో చెకింగ్‌కి అదే ఫాస్ట్, అది ఉండనివ్వండి.

నా దగ్గర 25-50 మైక్రోమీటర్ ఉంది, ఒక మైక్రాన్ చూపిస్తుంది, సరిపోతుందా?

ఒక మైక్రాన్ చూపించడం వేరు, ఒక మైక్రాన్ నమ్మకంగా కొలవడం వేరు. 21 మైక్రాన్ల టాలరెన్స్‌లో పదో వంతు అంటే 2 మైక్రాన్లు, కాబట్టి డిస్‌ప్లే వరకు ఓకే. అసలు తేడా చేతిలో వస్తుంది, రాచెట్ ఎన్నిసార్లు తిప్పారు, పిన్ని ఎంత నిటారుగా పట్టుకున్నారు, యాన్విల్ మీద నూనె తుడిచారా లేదా అన్నది. అందుకని ముందు గేజ్ ఆర్ అండ్ ఆర్ చెయ్యండి, అంటే కొలిచే పద్ధతిలోనే ఎంత తేడా ఉందో చూసే పరీక్ష. పది పీసులు, ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు ప్రతి పీసునీ రెండు మూడు సార్లు, ముందు రాసుకున్న రీడింగ్ కనపడకుండా కొలవాలి.

సిగ్మా అంటే కొలతలు యావరేజ్ చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె. అందులో కొలత సిగ్మా 1.5 మైక్రాన్లు వచ్చిందనుకోండి. ఆరుతో గుణిస్తే 9, దాన్ని 21తో భాగిస్తే 43 శాతం. మామూలుగా పాటించే హద్దు ఏంటంటే 10 శాతం లోపు అయితే మంచిది, 10 నుంచి 30 మధ్య అయితే అవసరాన్ని బట్టి సర్దుకోవచ్చు, 30 దాటితే ఆ కొలిచే పద్ధతి పనికిరాదు. 43 శాతం వచ్చిందంటే మీరు పిన్నుల తేడాతో పాటు కొలిచే చేతుల తేడాని కూడా సీపీకేలో కలిపేసుకుంటున్నారన్నమాట, అంటే మెషీన్ చేయని తప్పు మెషీన్ మీద పడుతోంది. అలాంటప్పుడు 28.000కి దగ్గర్లో స్లిప్ గేజ్‌తో సెట్ చేసిన బెంచ్ కంపారేటర్ పెట్టుకోవడం నయం, స్టాండ్ మీద ఉంటుంది కాబట్టి చేతి ఒత్తిడి తేడా చాలా మటుకు పోతుంది.

మన వైజాగ్ ఎండలకి కొలతలు మారిపోతాయా, ఏసీ రూమ్ తప్పదా?

డ్రాయింగ్‌లో ఉన్న సైజు 20 డిగ్రీల దగ్గర లెక్క. స్టీల్ 28 మి.మీ. పిన్ ఒక్కో డిగ్రీకి 0.32 మైక్రాన్ పెరుగుతుంది. మే నెలలో షెడ్డు 36 డిగ్రీలున్నా సరే, పిన్ను, మైక్రోమీటర్, దాని జీరో సెట్ చేసే 25 మి.మీ. రాడ్ మూడూ స్టీలే అయి మూడూ ఒకే వేడిమీద ఉంటే అన్నీ కలిసే పెరుగుతాయి కాబట్టి తేడా దాదాపు కొట్టుకుపోతుంది.

కొంప ముంచేది రూమ్ వేడి కాదు, చక్‌లోంచి అప్పుడే తీసిన వేడి పీసు. పీసు 44 డిగ్రీలు, మైక్రోమీటర్ 32 డిగ్రీలు ఉంటే 12 డిగ్రీల తేడాకి పిన్ను దాదాపు 4 మైక్రాన్లు లావుగా కనిపిస్తుంది, అది చూసి ఆపరేటర్ ఆఫ్‌సెట్ 4 మైక్రాన్లు తగ్గిస్తాడు, సాయంత్రం చల్లారాక చూస్తే పీసులన్నీ 4 మైక్రాన్లు సన్నం. 21లో 4 అంటే చిన్నది కాదు. కూలెంట్ టబ్‌లోనో మందపాటి ఇనుప పలక మీదో కాసేపు పెట్టి, మైక్రోమీటర్ పక్కనే ఉంచి, రెండూ సమానమయ్యాక కొలవండి. జీరో కూడా పొద్దున్న ఒకసారి చూసి వదిలేయకుండా మధ్యాహ్నం ఎండ ముదిరాక ఇంకోసారి చూడండి.

ఎన్ని పీసులు తీయాలి, ఎలా తీయాలి?

ఒకే గంటలో వరసగా 30 పీసులు కొలిచేస్తే వచ్చేది మెషీన్ ఆ గంటలో ఎలా ఉందన్నదే. ఇన్సర్ట్ అరుగుదల, షిఫ్ట్ మార్పు, బార్ లాట్ మారడం ఏవీ అందులో రావు. నేను చెప్పే పద్ధతి, ప్రతి పది పీసుల్లో వరసగా వచ్చిన ఐదు తీసి కొలవండి, అలా 25 గ్రూపులు, మొత్తం 125 కొలతలు. అంటే 250 పీసులు తిరగాలి, ఈలోపు కనీసం రెండు ఇన్సర్ట్ ఎడ్జ్‌లు అయిపోవాలి. వరస తప్పకుండా రాయండి, టైము, ఎడ్జ్ మార్చిన చోటు, ఆఫ్‌సెట్ కొట్టిన చోటు పక్కన గుర్తు పెట్టండి. ఆ గుర్తులు లేకపోతే రేపు సీపీకే తక్కువొచ్చినప్పుడు కారణం దొరకదు, అంకె ఒక్కటే చేతిలో మిగులుతుంది.

## లెక్క కట్టేటప్పుడు

సీపీకి, సీపీకేకి తేడా ఏంటి, సింపుల్‌గా చెప్పండి

సీపీ అడిగేది, పీసుల వెడల్పు టాలరెన్స్‌లో పడుతుందా అని మాత్రమే. వెడల్పు అంటే ఆరు సిగ్మాలు. అది ఎక్కడ నిలబడి ఉందో దానికి అనవసరం, యావరేజ్ లిమిట్ బయట ఉన్నా సీపీ బ్రహ్మాండంగా రావచ్చు. సీపీకే యావరేజ్ ఎక్కడుందో చూసి, దగ్గర్లో ఉన్న లిమిట్ వైపు ఎంత ఖాళీ మిగిలిందో దాన్ని మూడు సిగ్మాలతో భాగిస్తుంది. యావరేజ్ సరిగ్గా మధ్యలో ఉంటే రెండూ ఒకటే, పక్కకి జరిగేకొద్దీ సీపీకే పడిపోతుంది. సీపీకే ఎప్పుడూ సీపీని దాటదు, మీ షీట్‌లో దాటిందంటే ఫార్ములా తప్పు.

ఒకసారి అంకెలేసి చూపించండి సార్

28 h7 పిన్ను, 125 కొలతలు, ఐదేసి చొప్పున 25 గ్రూపులు. ప్రతి గ్రూపులో పెద్ద కొలతలోంచి చిన్నది తీసేస్తే వచ్చేది రేంజ్, 25 రేంజ్‌ల యావరేజ్ 5.8 మైక్రాన్లు వచ్చింది. ఐదు పీసుల గ్రూపుకి d2 అనే అంకె 2.326, దాంతో భాగిస్తే సిగ్మా 2.5 మైక్రాన్లు. అన్నిటి యావరేజ్ 27.9935.

```
Cp  = (28.000 - 27.979) / (6 x 0.0025)  = 1.40
CPU = (28.000 - 27.9935) / (3 x 0.0025) = 0.87
CPL = (27.9935 - 27.979) / (3 x 0.0025) = 1.93
Cpk = 0.87
```

సీపీ 1.40, సీపీకే 0.87. అంటే వెడల్పు పరంగా ఈ మెషీన్ ఈ జాబ్‌కి సరిపోతుంది కానీ యావరేజ్ పై లిమిట్ వైపు 4 మైక్రాన్లు జరిగి కూర్చుంది, మధ్య పాయింట్ 27.9895 దగ్గర ఉండాల్సింది. ఇదే అంకెలు టర్నింగ్ జాబ్‌ల్లో చాలా తరచుగా కనిపించే రకం, ఎందుకంటే ఆపరేటర్‌కి లావుగా ఉన్న పీసంటే ఇంకో కట్ వేసి రీవర్క్ చేసుకోవచ్చన్న ధైర్యం, సన్నమైతే నేరుగా స్క్రాప్, అందుకని చెయ్యి తెలీకుండానే పైకి పోతుంది.

మరి పీపీకే ఏంటి? నాకు సీపీకే 0.87 వస్తే పీపీకే 0.62 వచ్చింది, ఏది నమ్మాలి?

రెండూ కరెక్టే, రెండింట్లో వాడే సిగ్మా వేరు. సీపీకేలో సిగ్మా గ్రూపు లోపలి తేడాలోంచి వస్తుంది, వరసగా వచ్చిన ఐదు పీసుల మధ్య తేడా అన్నమాట. పీపీకేలో 125 కొలతలూ ఒకే కుప్పగా పోసి సిగ్మా తీస్తారు, కాబట్టి పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య యావరేజ్ జరిగిన తేడా కూడా అందులో కలుస్తుంది. ఇక్కడ మొత్తం సిగ్మా 3.5 మైక్రాన్లు, పై వైపు ఖాళీ 6.5, దాన్ని 10.5తో భాగిస్తే 0.62.

```
=STDEV.S(A2:A126)
```

ఎక్సెల్‌లో ఈ ఫార్ములా ఇచ్చేది మొత్తం సిగ్మా. చాలామంది దీన్ని వేసి పైన సీపీకే అని హెడ్డింగ్ పెట్టి పంపేస్తున్నారు, అది నిజానికి పీపీకే, కస్టమర్ దగ్గర తెలిసినవాడుంటే మొదటి నిమిషంలోనే పట్టేస్తాడు.

కస్టమర్‌కి చేరే పీసులు ఎలా ఉన్నాయన్నది చెప్పేది పీపీకే. సీపీకే చెప్పేది, యావరేజ్‌ని కదలకుండా పట్టుకోగలిగితే ఎక్కడిదాకా వెళ్ళొచ్చు అన్నది. రెండింటి మధ్య దూరం ఎక్కువుంటే యావరేజ్ ఎక్కడో నడుస్తోందని అర్థం. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, లెక్క ప్రకారం పై లిమిట్ దాటే పీసులు సిగ్మా 2.5 తో చూస్తే వెయ్యికి 5, సిగ్మా 3.5 తో చూస్తే వెయ్యికి 32.

హిస్టోగ్రామ్ చివర కత్తిరించినట్టు ఉంది, సీపీకే మాత్రం బాగానే వచ్చింది, ఓకేనా?

ఓకే కాదు. 28.000 దగ్గర బార్లు ఒక్కసారిగా ఆగిపోతే ఎవరో లిమిట్ దాటిన పీసుల్ని ముందే ఏరి పక్కన పెట్టి మిగతావి కొలిచారని అర్థం. ఏరాక మిగిలిన పీసులు ప్రాసెస్ గురించి ఏమీ చెప్పవు, ఏరినవాడి శ్రద్ధ గురించి చెప్తాయి. రీవర్క్ చేసిన పీసులూ అంతే. స్టడీ కోసం తీసే పీసులు మెషీన్‌లోంచి వచ్చిన వరసలోనే, చెడ్డవాటితో సహా రాయాలి.

రనౌట్‌కి కింది లిమిట్ లేదు, సీపీ ఎలా?

సీపీ ఉండదు, పై వైపు సీపీకే మాత్రమే వెయ్యండి. సున్నాని కింది లిమిట్ అనుకుని వేస్తే మంచి మెషీన్‌కి చెడ్డ మార్కులు పడతాయి. రనౌట్ కొలతలు సున్నా వైపు గుమిగూడి కుడివైపు తోక సాగుతాయి, అలాంటి వాటికి మామూలు మూడు సిగ్మాల లెక్క అంత నమ్మకంగా ఉండదు కాబట్టి హిస్టోగ్రామ్ కూడా జతచెయ్యండి.

## అంకె వచ్చాక

సీపీ బాగుంది, సీపీకే పడింది. ఆఫ్‌సెట్ 4 మైక్రాన్లు తగ్గించేస్తే అయిపోతుందా?

కొంతవరకే. ముందు ఆ 4 మైక్రాన్లు ఎలా వచ్చాయో చూడాలి. బయటి వ్యాసం టర్నింగ్‌లో ఇన్సర్ట్ కొస అరిగేకొద్దీ అది లోపలికి తక్కువ వెళ్తుంది, పిన్ను లావవుతుంది, కాబట్టి అరుగుదల ఎప్పుడూ పైకే లాగుతుంది. ఈ జాబ్‌లో ఒక ఎడ్జ్ మీద 125 పీసులకి 8.5 మైక్రాన్లు పెరిగింది. సెట్టర్ కొత్త ఎడ్జ్ పెట్టి మొదటి పీసుని చక్కగా మధ్యలో, 27.989 దగ్గర సెట్ చేశాడు, అది చూడ్డానికి సరైన పనే. కానీ అక్కణ్ణించి ప్రయాణం అంతా పైకే కాబట్టి ఎడ్జ్ అయిపోయే సమయానికి యావరేజ్ 27.998కి చేరింది, మొత్తం యావరేజ్ 27.9935 అయ్యింది.

ఆఫ్‌సెట్ ఒక్కసారి 4 తగ్గిస్తే మొదటి పీసు 27.985 దగ్గర మొదలై చివరిది 27.994 దగ్గర ఆగుతుంది, పీపీకే 1.00 అవుతుంది, 0.62 కంటే చాలా నయం కానీ కస్టమర్ 1.33 అడిగితే చాలదు. ఎందుకంటే 8.5 మైక్రాన్ల నడక ఇంకా అలాగే ఉంది. దాన్ని మూడు ముక్కలు చెయ్యండి. కొత్త ఎడ్జ్‌తో 27.988 దగ్గర మొదలెట్టి, దాదాపు 40 పీసులకోసారి ఎక్స్ వేర్ ఆఫ్‌సెట్‌లో 0.003 తగ్గించండి, అంటే ఎడ్జ్‌కి రెండు కరెక్షన్లు. అప్పుడు యావరేజ్ 27.988, 27.991 మధ్యనే తిరుగుతుంది, మొత్తం సిగ్మా 3.5 నుంచి 2.63కి దిగుతుంది, పీపీకే 1.33 దగ్గరకొస్తుంది. కొత్త మెషీన్ లేదు, కొత్త టూల్ లేదు, రెండు కరెక్షన్లు. ఆఫ్‌సెట్ వ్యాసం మీదా, రేడియస్ మీదా అన్నది మీ కంట్రోలర్‌లో ముందు చూసుకోండి, అక్కడ పొరబడితే 3 బదులు 6 కొడుతుంది.

అయితే ప్రతి పీసూ కొలిచి ప్రతిసారీ ఆఫ్‌సెట్ సరిచేస్తే ఇంకా బాగుంటుంది కదా?

ఇంకా పాడవుతుంది, ఇది చాలామంది మంచి ఆపరేటర్లు మనసు పెట్టి చేసే పని కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఈ మెషీన్ ఏమీ ముట్టుకోకపోయినా పీసుకీ పీసుకీ 2.5 మైక్రాన్ల సిగ్మాతో అటూ ఇటూ ఆడుతుంది, అది దాని సహజ గుణం. ఒక పీసు 4 పైకొచ్చిందని ఆఫ్‌సెట్ 4 తగ్గించారు, కానీ యావరేజ్ కదల్లేదు, ఆ పీసు మాత్రమే అలా వచ్చింది. ఇప్పుడు మీరు యావరేజ్‌నే 4 కిందకి తోశారు. తర్వాత పీసు సహజంగా 3 కిందకి రావాల్సింది 7 కిందకొస్తుంది, కంగారుపడి 7 పైకి కొడతారు. ఇలా ప్రతి పీసుకీ చేస్తే సిగ్మా 2.5 నుంచి దాదాపు 3.5కి పెరుగుతుంది, అంటే అరుగుదలని అస్సలు పట్టించుకోకుండా వదిలేసినంత చెడ్డ ఫలితం, ఇంత కష్టపడి.

ఐదు పీసుల యావరేజ్ చూసి నిర్ణయం తీసుకోండి, ఆ యావరేజ్ ఆట 1.1 మైక్రాన్లే కాబట్టి అది 3 మైక్రాన్లు పక్కకి పోయిందంటే నిజంగానే ఏదో కదిలింది. గ్రూపుల యావరేజ్‌లు వరసగా గుర్తుపెట్టే ఎక్స్‌బార్ చార్ట్ కూడా ఇదే చెప్తుంది, ఇక్కడ కంట్రోల్ లిమిట్లు మధ్య గీతకి అటూ ఇటూ 3.3 మైక్రాన్లు వస్తాయి.

చార్ట్ మీద పాయింట్లు లిమిట్ దాటుతున్నాయి, అయినా సీపీకే వేసి పంపొచ్చా?

వెయ్యడానికి కాలిక్యులేటర్ అడ్డు చెప్పదు, కానీ ఆ అంకెకి అర్థం ఉండదు. సీపీకే అంటే ప్రాసెస్ ఇలాగే ఉంటుంది అన్న భరోసా. కంట్రోల్‌లో లేని ప్రాసెస్ రేపు ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. అరుగుదల వల్ల పాయింట్లు మెట్లెక్కినట్టు వరసగా పైకి పోతుంటే కారణం తెలిసినట్టే, కరెక్షన్ పద్ధతి పెట్టి మళ్ళీ కొలవండి. అలా కాకుండా ఉన్నట్టుండి ఒక గ్రూపు ఎగిరి మళ్ళీ దిగితే చక్ జాస్ మధ్య చిప్ ఇరుక్కోవడం, కూలెంట్ ఆగడం, బార్ లాట్ మారడం లాంటివి చూడండి, రికార్డులో రాసుకున్న గుర్తులు అక్కడే పనికొస్తాయి.

మా ఆర్డరే 30 పీసులు. సీపీకే 1.33 వచ్చింది, గట్టిగా చెప్పొచ్చా?

30 పీసుల మీద 1.33 వస్తే అసలు విలువ సుమారు 0.97 నుంచి 1.69 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అదే 125 పీసుల మీద అయితే 1.16 నుంచి 1.51. అందుకే 30 పీసుల మీద 1.33, 1.38 అని పోల్చుకుని పండగ చేసుకోవడంలో అర్థం లేదు. చిన్న ఆర్డర్ల షాపుల్లో ఇంకో దారుంది, అదే లేత్, అదే మెటీరియల్, దగ్గర సైజులు, అదే రకం ఫినిష్ పాస్ ఉన్న జాబ్‌లన్నిట్లో కొలతని మధ్య పాయింట్ నుంచి ఎంత తేడా అని రాసుకుంటూ పోతే నెల రెండు నెలల్లో ఆ మెషీన్ సిగ్మా నమ్మకంగా తెలుస్తుంది. తర్వాత కొత్త ఎంక్వయిరీ వచ్చినప్పుడు కొటేషన్ వెయ్యకముందే ఈ టాలరెన్స్ ఈ లేత్ మీద వస్తుందా రాదా చెప్పగలుగుతారు.

కస్టమర్ 1.67 అడుగుతున్నాడు, లేత్ మీద సాధ్యమేనా, గ్రైండింగ్‌కి పోవాలా?

లెక్క వెనక్కి కట్టండి. 21 మైక్రాన్లని పది సిగ్మాలతో భాగిస్తే మొత్తం సిగ్మా 2.1 మైక్రాన్లు మించకూడదు, అదీ యావరేజ్ మధ్యలో ఉంటేనే. మీకు కనపడుతున్న 2.5 లో కొలిచేదాని వాటా ఎంతో ముందు చూడండి. మైక్రోమీటర్ సిగ్మా 1.5 అయితే పిన్నుల అసలు సిగ్మా 2.0 మాత్రమే, 2.5 వర్గంలోంచి 1.5 వర్గం తీసేసి వర్గమూలం తీస్తే వచ్చేది అదే. కంపారేటర్ పెట్టి కొలత సిగ్మా 0.7కి దించితే కనపడే సిగ్మా 2.1 అవుతుంది, సీపీ 1.65, మెషీన్ మీద చెయ్యి వెయ్యకుండానే.

కానీ అక్కడ అరుగుదలకి చోటు మిగల్లేదు, ఒక్క మైక్రాన్ నడక కూడా పీపీకేని కిందకి లాగుతుంది. నా అభిప్రాయం, 1.67 రాతపూర్వకంగా అడిగి పీసులు వేలల్లో ఉంటే 0.2 మి.మీ. వదిలి టర్న్ చేసి సెంటర్‌లెస్ గ్రైండింగ్‌కి ఇవ్వడమే దారి, ఆ ఖర్చు రేటులో మొదటే చూపించాలి. 1.33 చాలంటే లేత్ చాలు.

ఒకసారి తీసిన సీపీకే ఎన్నాళ్ళు చెల్లుతుంది?

తేదీతో కాదు, మార్పుతో చూడండి. ఇన్సర్ట్ గ్రేడ్ మారినా, స్పిండిల్ బేరింగ్ మార్చినా, జాబ్ వేరే మెషీన్‌కి జరిగినా, స్టీల్ సప్లయర్ మారినా, కొలిచే పరికరం మారినా మళ్ళీ 125 కొలతలు తియ్యాల్సిందే. ఏదీ మారకపోతే రోజువారీ చార్ట్ చూస్తూ ఉండండి, రేంజ్‌ల యావరేజ్ 5.8 దగ్గరే ఆడుతున్నంతకాలం పాత సిగ్మా నిలబడినట్టే. రేంజ్ మెల్లగా పెరుగుతూ 7, 8 దాకా పోతుంటే ఆఫ్‌సెట్‌తో పని జరగదు, బార్ సపోర్ట్, చక్ గ్రిప్, స్పిండిల్ చూపించాలి.